సంవత్సరాంతంలో డాలర్ టర్మ్ లోన్ రివాల్యుయేషన్: ఇంకా కట్టని అసలు మీద వచ్చిన నష్టాన్ని ఎక్కడ రాయాలి?

భార్గవి (చిత్తూరు), 12 మే 2025

అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర తోతాపురి గుజ్జు తీసి ఎగుమతి చేసే ఒక ప్రైవేటు లిమిటెడ్ కంపెనీలో నేను అకౌంట్స్ చూస్తున్నాను. విదేశం నుంచి తెప్పించుకున్న అసెప్టిక్ ఫిల్లింగ్ లైను కోసం మా కంపెనీ మొదటిసారిగా బ్యాంకు నుంచి డాలర్ టర్మ్ లోన్ తీసుకుంది. యంత్రం బిగించి నడపడం మొదలయ్యాక, 2024 జూన్ 10న, 5,00,000 డాలర్లు నేరుగా సరఫరాదారుకు వెళ్ళాయి. ఆ రోజు రేటు 83.50 కాబట్టి అప్పును 4,17,50,000 రూపాయలుగా రాశాను. ఆరు నెలలకొకసారి 50,000 డాలర్ల చొప్పున ఐదేళ్ళలో తీర్చాలి. మొదటి వాయిదా డిసెంబరు 10న 84.90 రేటుకు కట్టాం. బ్యాంకు ఖాతాలో 42,45,000 తగ్గింది, నేను అంతే మొత్తాన్ని లోన్ లెడ్జర్‌కు డెబిట్ చేశాను.

ఇప్పుడు మార్చి 31కి 85.58 రేటు పెట్టి చూస్తే, టాలీ బ్యాలెన్స్ షీటులో `Unadjusted Forex Gain/Loss` అనే వరుసలో ఈ లోన్‌కు సంబంధించి 10,06,000 నష్టం కనిపిస్తోంది. ఇంకా కట్టని డబ్బుకు నష్టం ఎందుకు రాయాలని మా డైరెక్టరు గారు అడుగుతున్నారు. పైగా మే మొదటి వారంలో డాలరు 84 దరిదాపులకు దిగిందని, అవసరమైతే ఆ రేటు వేయమని అంటున్నారు. జూన్‌లో కాయ రావడం మొదలైతే ఆయన మాకు దొరకరు, అందువల్ల ఈ నెలలోనే తేల్చుకోవాలి. ఆ పది లక్షలను నేరుగా పి అండ్ ఎల్‌కు తీసుకుపోవచ్చా, యంత్రం విలువకు కలపాలా, లేక అలాగే వదిలేయాలా?

హిమబిందు (తిరుపతి), 12 మే 2025

భార్గవి గారూ, నేను ఆడిట్ ఆఫీసులో ఆర్టికల్‌షిప్ చేస్తున్నాను. మీరు యంత్రాన్ని విదేశం నుంచి తెప్పించారు, దాని కోసమే డాలర్ అప్పు తీసుకున్నారు కాబట్టి ఆదాయపు పన్ను చట్టంలోని 43ఏ సెక్షన్ మీకు వర్తిస్తుంది. ఆ సెక్షన్ ప్రకారం ఎక్స్ఛేంజ్ తేడా యంత్రం విలువలో చేరుతుంది. అందువల్ల మొత్తం 10,06,000 రూపాయలను యంత్రం లెడ్జర్‌కు డెబిట్ చేసి, లోన్ లెడ్జర్‌కు క్రెడిట్ చేస్తే సరిపోతుంది, పి అండ్ ఎల్‌కు రానక్కరలేదని నేను అనుకుంటున్నాను.

మునిరత్నం (బంగారుపాళ్యం), 12 మే 2025

మాదీ గుజ్జు వ్యాపారమే. మేము ప్రతి సీజన్‌కూ డాలర్లలోనే ప్యాకింగ్ క్రెడిట్ తీసుకుంటాం, సరుకు ఓడ ఎక్కాక బిల్లు డబ్బుతోనే దాన్ని తీర్చేస్తాం. వచ్చేదీ డాలరే, పోయేదీ డాలరే కాబట్టి మాకు రేటు తేడా అనే ప్రశ్నే ఎన్నడూ రాలేదు. మీరు కూడా ఎగుమతిదారులే కదా, రాబోయే ఎగుమతుల డాలర్లతోనే వాయిదాలు కడతారు. అటువంటప్పుడు ఈ నష్టం కాగితం మీద మాత్రమే ఉన్నది, దానిని రాయవలసిన అవసరం లేదు.

వెంకటరమణ, సి.ఏ. (తిరుపతి), 13 మే 2025

మీ ముగ్గురి మాటల్లో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. ముందు భార్గవి గారి లెక్కతో మొదలుపెడతాను.

లెడ్జర్‌లో వచ్చిన మొత్తం 10,06,000 సరైనదే, కానీ అది ఒక నష్టం కాదు, రెండు నష్టాలు. డిసెంబరు 10న మీరు తీర్చిన 50,000 డాలర్లు పుస్తకాల్లో 83.50 చొప్పున ఉన్నాయి, అంటే 41,75,000. వాటిని తీర్చడానికి 42,45,000 కట్టారు. ఆ రోజే 70,000 రూపాయల నష్టం నిజంగా చేతినుంచి పోయింది. ఇది రియలైజ్డ్ నష్టం. మీరు 42,45,000 అంతా లోన్ లెడ్జర్‌కే డెబిట్ చేశారు కాబట్టి ఆ 70,000 కూడా టాలీ చూపే వరుసలోకి చేరిపోయింది. మిగిలిన 4,50,000 డాలర్లు పుస్తకాల్లో 3,75,75,000గా ఉండాలి. మార్చి 31 రేటు 85.58 వేస్తే 3,85,11,000 అవుతుంది. ఈ రెండింటి తేడా 9,36,000 అన్‌రియలైజ్డ్ నష్టం. రెండూ కలిపితే మీ 10,06,000 వస్తుంది. మొత్తం కలిసింది కదా అని ఒకే ఎంట్రీతో ముగించేస్తే పన్ను లెక్క దగ్గర ఇబ్బంది పడతారు, ఆ సంగతి తర్వాత చెబుతాను.

కాబట్టి డిసెంబరు 10 తేదీతోనే ఎక్స్ఛేంజ్ నష్టం ఖాతాకు 70,000 డెబిట్, లోన్‌కు 70,000 క్రెడిట్ రాయండి. మార్చి 31 తేదీతో 9,36,000కు వేరుగా అదే విధంగా రాయండి. రాసిన తర్వాత ఒక చిన్న పరీక్ష చేయండి: లోన్ లెడ్జర్‌లోని రూపాయల నిల్వను బ్యాంకు స్టేట్‌మెంటులోని డాలర్ల నిల్వతో భాగిస్తే సరిగ్గా 85.58 రావాలి. ఏ కొంచెం తేడా వచ్చినా, ఏదో ఒక ఎంట్రీ డాలర్లు లేకుండా కేవలం రూపాయల్లో పడిందని అర్థం. నేను చూసిన చిన్న కంపెనీల్లో బ్యాంకు చార్జీలు లోన్ లెడ్జర్‌లో పడిపోవడం వల్లే ఇది ఎక్కువగా జరుగుతుంది.

డైరెక్టరు గారి ప్రశ్నకు సమాధానం ఇది. విదేశీ మారక రేట్ల మార్పులకు సంబంధించిన అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్ 11 ప్రకారం డాలర్ అప్పు మానిటరీ ఐటం, అంటే డబ్బుగానే తీర్చవలసిన బాకీ, దానిని బ్యాలెన్స్ షీటు తేదీనాటి క్లోజింగ్ రేటుతో చూపి తీరాలి. కట్టామా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. మార్చి 31 రాత్రి ఆ అప్పు తీర్చాలంటే ఎన్ని రూపాయలు కావాలన్నదే ప్రశ్న. మే నెల రేటు పనికిరాదు, ఎందుకంటే మార్చి 31 తర్వాత రేటు మారడం ఆ తేదీన ఉన్న పరిస్థితిని మార్చదు. ఫిబ్రవరిలో డాలరు 87 దాటింది, అప్పుడు సంవత్సరం ముగిసి ఉంటే ఇంతకంటే ఎక్కువ నష్టం రాసేవారు, ఆ రేటును తీసుకోమని ఎవరూ అడగరు కదా. మే నెలలో తగ్గిన మేరకు లాభం ఏదైనా ఉంటే అది 2025-26 పుస్తకాల్లోకి వస్తుంది. రేటు తగ్గిన సంవత్సరంలో అన్‌రియలైజ్డ్ లాభాన్ని కూడా ఇదే విధంగా రాయాలని ఆయనకు చెప్పండి, అప్పుడు నియమం ఒక వైపుకే మొగ్గలేదని ఆయనకు తెలుస్తుంది.

భార్గవి (చిత్తూరు), 13 మే 2025

చాలా స్పష్టంగా ఉంది సార్, ధన్యవాదాలు. డిసెంబరు ఎంట్రీని ఈ రోజే విడదీస్తాను. ఒక అనుమానం. నేను వేసిన 85.58 మార్చి 28 రేటు. మార్చి 31న రంజాన్ సెలవు కావడం వల్ల ఆ తేదీకి రెఫరెన్స్ రేటు కనిపించలేదు. మా బ్యాంకు మేనేజరు గారు మాత్రం టీటీ సెల్లింగ్ రేటు వేయాలని అంటున్నారు, అది కొంచెం ఎక్కువగా ఉంది. ఏది వేయాలి?

వెంకటరమణ, సి.ఏ. (తిరుపతి), 13 మే 2025

2025లో మార్చి 29, 30 శని ఆదివారాలు, 31 రంజాన్. అందువల్ల మార్చి 28న ఎఫ్‌బీఐఎల్ ప్రకటించిన రేటే ఆ సంవత్సరానికి చివరి రెఫరెన్స్ రేటు. దాదాపు అందరూ దాన్నే తీసుకున్నారు. అంతకు ముందు సంవత్సరం కూడా గుడ్ ఫ్రైడే, వారాంతం కలిసి రావడంతో మార్చి 28 రేటే వాడవలసి వచ్చింది. మీ బ్యాంకు మేనేజరు గారి మాటలోనూ తర్కం ఉంది, ఎందుకంటే అప్పు తీర్చడానికి మీరు డాలర్లు కొనవలసింది సెల్లింగ్ రేటుకే. అయితే ఒక సంవత్సరం ఒకటి, మరుసటి సంవత్సరం మరొకటి వేయకూడదు. అప్పుకూ, రావలసిన ఎగుమతి బిల్లులకూ ఒకే మూలం నుంచి రేటు తీసుకుని, ఆ రేటు ముద్రించిన కాగితాన్ని ఆడిట్ ఫైల్లో పెట్టండి. నేను రెఫరెన్స్ రేటు వైపే ఉంటాను.

మునిరత్నం గారు చెప్పినదాని గురించి కూడా ఒక మాట. మీ ప్యాకింగ్ క్రెడిట్ సీజన్‌లోనే మొదలై సీజన్‌లోనే ముగుస్తుంది కాబట్టి మార్చి 31న దాని నిల్వ మీకు మిగలదు, అందుకే ప్రశ్న రాలేదు. భార్గవి గారి అప్పు ఐదు సంవత్సర ముగింపులు దాటుతుంది. రాబోయే ఎగుమతుల డాలర్లు వ్యాపార దృష్టితో రక్షణే, కానీ ఇంకా జరగని అమ్మకం మార్చి 31న పుస్తకాల్లో ఉండదు, దానితో ఈ నష్టాన్ని చెల్లు వేయడానికి వీలుండదు. ఇప్పటికే ఓడ ఎక్కి డబ్బు రావలసిన బిల్లులు ఉంటే వాటిని కూడా 85.58తో రివాల్యుయేట్ చేయాలి. ఉదాహరణకు 84.80 రేటుకు అమ్మిన 1,20,000 డాలర్ల బిల్లు మార్చి 31న రావలసి ఉంటే, దాని మీద 93,600 లాభం పి అండ్ ఎల్‌లోకి వస్తుంది. రక్షణ అంటే ఆ మేరకే.

మునిరత్నం (బంగారుపాళ్యం), 14 మే 2025

మార్చి 31న మాకు నిల్వ లేదనడం పూర్తిగా సరికాదు సార్, పోయిన సంవత్సరం అమ్ముడుపోని గుజ్జు డ్రమ్ములు ఉండిపోయి ఒక లోన్ ఏప్రిల్ దాకా సాగింది. దానిని మా అకౌంటెంటు రివాల్యుయేట్ చేశారా లేదా అన్నది ఇప్పుడు చూడాలి. అయినా నాకు ఒక విషయం మింగుడు పడటం లేదు. గుజ్జు నిల్వ కూడా డాలర్లలోనే అమ్ముడవుతుంది కదా, దానిని మాత్రం పాత రూపాయి ఖర్చుతోనే ఉంచి, అప్పును మాత్రం కొత్త రేటుకు పెంచడం న్యాయమేనా?

వెంకటరమణ, సి.ఏ. (తిరుపతి), 14 మే 2025

ఆ అసమానత నిజమే, దానిని కాదనను. గుజ్జు నిల్వ డబ్బు రూపంలో ఉన్న హక్కు కాదు, దానికి ఖర్చు లేదా నికర అమ్మకపు విలువల్లో తక్కువదే లెక్క. అందుకే డాలర్ అప్పులున్న ఎగుమతి కంపెనీల ఫలితాల్లో, రూపాయి పడిన సంవత్సరాల్లో, మార్చి నెల అసలు వ్యాపారం కంటే చెడ్డగా కనిపించవచ్చు. డైరెక్టర్లకు ఈ మాట ముందే వివరించి చెప్పడం అకౌంటెంటు బాధ్యతల్లో ఒకటి అని నా అభిప్రాయం.

ఇక హిమబిందు గారి సమాధానం. మీరు చెప్పిన 43ఏ సెక్షన్ పన్ను లెక్కకు సంబంధించినది, పుస్తకాలకు సంబంధించినది కాదు. అక్కడ కూడా మీరు చెప్పినంత తేలిక కాదు, ఎందుకంటే 43ఏ తేడాను యంత్రం విలువలో చేర్చేది నిజంగా కట్టిన మేరకే. అందుకే 70,000ను, 9,36,000ను విడదీయమన్నాను. పుస్తకాల్లో ఈ రెండింటినీ పి అండ్ ఎల్‌కు రాస్తే, పన్ను కంప్యుటేషన్‌లో మొత్తం 10,06,000 తిరిగి కలపాలి. అందులో 70,000ను మాత్రం యంత్రం బ్లాకుకు చేర్చి తరుగుదల అడగాలి. 9,36,000 ఆయా వాయిదాలు కట్టే సంవత్సరాల్లో, అప్పటి రేట్ల ప్రకారం, కొంచెం కొంచెంగా బ్లాకులోకి వెళ్తుంది. విడదీయకుండా ఒకే ఎంట్రీ వేసిన వాళ్ళలో కొందరు రిటర్న్‌లో మొత్తం మీద తరుగుదల అడుగుతారు, కొందరు అసలేమీ అడగరు, రెండూ తప్పే.

హిమబిందు (తిరుపతి), 14 మే 2025

సార్, అర్థమైంది. అయితే కంపెనీల పుస్తకాల్లో కూడా తేడాను యంత్రానికి కలిపే వెసులుబాటు ఉందని మా ప్రిన్సిపాల్ గారు చెప్పారు. ఏఎస్ 11లో 46ఏ పేరా. అది ఇక్కడ పనికిరాదా?

వెంకటరమణ, సి.ఏ. (తిరుపతి), 14 మే 2025

పనికివస్తుంది. ఈ చర్చలో అసలు నిర్ణయం అదే. 2011 డిసెంబరులో కంపెనీల అకౌంటింగ్ స్టాండర్డ్స్ నియమాల్లో 46ఏ చేర్చారు. అప్పు పుట్టిన తేదీన దాని గడువు 12 నెలలు లేదా అంతకంటే ఎక్కువ ఉండి, అది తరుగుదల ఉన్న ఆస్తిని సంపాదించడానికి వాడినదైతే, ఎక్స్ఛేంజ్ తేడాను పి అండ్ ఎల్‌కు బదులు ఆ ఆస్తి విలువకు కలిపి మిగిలిన జీవితకాలం మీద తరుగుదలగా రాసుకోవచ్చు. భార్గవి గారి కంపెనీ ఇండ్ ఏఎస్ కిందికి రాదు, లోన్ ఐదేళ్ళది, యంత్రం కోసమే తీసుకున్నది, కాబట్టి అర్హత ఉంది.

అయితే ఒకసారి ఎంచుకుంటే వెనక్కి వెళ్ళడానికి లేదు, ఈ రకం అప్పులన్నింటికీ ఒకేలా వర్తింపజేయాలి. రేపు డాలరు పడిపోయి లాభం వస్తే అది కూడా యంత్రం విలువ నుంచి తగ్గుతుంది, పి అండ్ ఎల్‌లో చూపడానికి వీలుండదు. ఇది మీ కంపెనీ మొదటి డాలర్ అప్పు కాబట్టి ఇప్పుడు చేసే ఎంపిక ఇకముందు తీసుకునే అప్పులన్నింటినీ కట్టేస్తుంది. డైరెక్టరు గారికి ఈ సంవత్సరం లాభం ఎక్కువగా కనిపించడం ఒక్కటే కారణమైతే నేను 46ఏ వైపు వెళ్ళమనను. యంత్రం అదే యంత్రం, అది తీసే గుజ్జు అంతే, రూపాయి పడినందువల్ల దాని విలువ తొమ్మిది లక్షలు పెరిగిందని బ్యాలెన్స్ షీటులో చూపడం నాకు ఇష్టం ఉండదు. ఇది నా వ్యక్తిగత అభిప్రాయమే, నియమం అనుమతిస్తుంది.

రెడ్డప్ప (కుప్పం), 15 మే 2025

మా గ్రానైట్ యూనిట్‌లోనూ దిగుమతి చేసుకున్న కటింగ్ యంత్రం మీద డాలర్ లోన్ ఉంది. మూడేళ్ళుగా తేడా అంతా యంత్రం విలువకే కలుపుతున్నాం, అదే 46ఏ కావచ్చు. మాది పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్. మా పద్ధతి సరైనదే అనుకోవచ్చా?

వెంకటరమణ, సి.ఏ. (తిరుపతి), 15 మే 2025

రెడ్డప్ప గారూ, 46ఏ వెసులుబాటును ఇచ్చింది కంపెనీలకు వర్తించే నియమాల్లో. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌లు పాటించే ఇన్‌స్టిట్యూట్ ఏఎస్ 11లో ఆ వెసులుబాటు లేదు, మీరు ఏటా పి అండ్ ఎల్‌కే రాయవలసింది. మూడేళ్ళుగా కలుపుతూ వచ్చిన దానిని ఇప్పుడు ఎలా సరిచేయాలన్నది మీ పద్దులు చూడకుండా చెప్పడం బాధ్యత కాదు. ప్రతి సంవత్సరం కలిపిన మొత్తం, దాని మీద రాసిన తరుగుదల వేరువేరుగా తీసి మీ ఆడిటర్ ముందు పెట్టండి.

రెడ్డప్ప (కుప్పం), 15 మే 2025

మా ఆడిటర్ గారే అలా రాయమన్నారు సార్. ఆయన్ని మళ్ళీ అడుగుతాను, కానీ ఫర్మ్‌కు వర్తించదన్న మాటను నేను ఇంకా పూర్తిగా ఒప్పుకోలేకపోతున్నాను.

భార్గవి (చిత్తూరు), 16 మే 2025

ఈ రోజు డైరెక్టరు గారితో మాట్లాడాను. వెనక్కి రాలేని ఎంపిక అని చెప్పగానే ఆయన 46ఏ మీద ఆసక్తి తగ్గించుకున్నారు. పి అండ్ ఎల్‌కే రాద్దామన్నారు. అయితే అక్కడ ఏ శీర్షిక కింద చూపాలో తేలలేదు. ఇతర ఖర్చుల్లో ఎక్స్ఛేంజ్ నష్టంగానా, ఫైనాన్స్ కాస్ట్స్‌లోనా? మార్చి 31కి పడిన వడ్డీ కూడా ఉంది. డాలర్ వడ్డీ 7 శాతం, డిసెంబరు 10 నుంచి 111 రోజులకు 360 రోజుల లెక్కన 9,712.50 డాలర్లు, 85.58తో 8,31,196 రూపాయలు రాశాను.

వెంకటరమణ, సి.ఏ. (తిరుపతి), 16 మే 2025

వడ్డీ లెక్క సరిగానే ఉంది. చెల్లించవలసిన వడ్డీ కూడా డాలర్ బాకీయే కాబట్టి క్లోజింగ్ రేటుతోనే ఉండాలి.

శీర్షిక విషయంలో అప్పు ఖర్చుల స్టాండర్డ్ ఏఎస్ 16 చూడాలి. డాలర్ అప్పు తక్కువ వడ్డీకి దొరకడానికి కారణం ఆ రేటు తేడా భారం మన మీద ఉండటమే. అందుకే రూపాయల్లో అప్పు తీసుకుని ఉంటే ఎంత వడ్డీ కట్టేవారో లెక్కకట్టి, డాలర్ వడ్డీతో ఉన్న తేడా మేరకు ఎక్స్ఛేంజ్ నష్టాన్ని వడ్డీ ఖర్చుగా చూడమంటుంది. మీకు రూపాయి టర్మ్ లోన్ 10.5 శాతానికి దొరికేదనుకుందాం. డిసెంబరు వరకు 4,17,50,000 మీద, ఆ తర్వాత 3,75,75,000 మీద వడ్డీ కలిపితే సుమారు 33.98 లక్షలు. మీ డాలర్ వడ్డీ, డిసెంబరులో 84.90 చొప్పున కట్టినదీ మార్చికి పడినదీ కలిపి, సుమారు 23.42 లక్షలు. తేడా సుమారు 10.56 లక్షలు. మీ ఎక్స్ఛేంజ్ నష్టం 10.06 లక్షలు ఆ తేడా లోపలే ఉంది కాబట్టి మొత్తం ఫైనాన్స్ కాస్ట్స్‌లోకి వెళ్తుంది. యంత్రం అప్పు తీసుకునే నాటికే నడుస్తోంది కాబట్టి ఆస్తికి కలిపే ప్రశ్న ఇక్కడ రాదు.

ఈ 10.5 శాతం మీద అంతా ఆధారపడి ఉందని గమనించండి. అది 9.5 అయితే తేడా సుమారు 7.32 లక్షలకు పడిపోతుంది, మిగిలింది ఎక్స్ఛేంజ్ నష్టంగా వేరే చూపాలి. కాబట్టి మీ బ్యాంకు ఆ కాలంలో ఇచ్చిన శాంక్షన్ లెటరు లేదా రేటు కొటేషన్ ఒకటి ఫైల్లో ఉండాలి, ఊహించిన శాతాన్ని ఆడిటరు అంగీకరించరు.

హిమబిందు (తిరుపతి), 17 మే 2025

సార్, ఒకవేళ ఏదైనా కంపెనీ 46ఏ ఎంచుకుంటే ఈ వడ్డీ సర్దుబాటు ఉండదని చదివాను. 2012 ఆగస్టు సర్క్యులర్ అది. అలాంటప్పుడు కట్టేసిన 70,000 కూడా యంత్రానికే కలపవచ్చా, లేక 9,36,000 మాత్రమేనా?

వెంకటరమణ, సి.ఏ. (తిరుపతి), 17 మే 2025

సర్క్యులర్ సంగతి నిజం. మీ రెండో ప్రశ్న మీద నేను రెండు రకాల పద్ధతులు చూశాను. చాలా కంపెనీలు రెండింటినీ కలుపుతాయి. పేరాలో అప్పును వేరే రేటుతో చూపడం వల్ల వచ్చిన తేడా అన్న మాటలు ఉన్నందువల్ల తీర్చిన భాగం దానిలోకి రాదని వాదించేవారూ ఉన్నారు. తీర్చే క్షణంలో కూడా అది వేరే రేటుతో లెక్కకు వచ్చినట్టే కాబట్టి నేను కలపడం వైపే ఉన్నాను, అయితే దీనిని తేలిన విషయంగా చెప్పలేను.

భార్గవి గారికి ఇంకొక్క మాట. బ్యాలెన్స్ షీటులో అప్పును రెండుగా చూపేటప్పుడు, వచ్చే పన్నెండు నెలల్లో కట్టవలసిన 1,00,000 డాలర్లను కూడా 85.58తోనే, అంటే 85,58,000గా, కరెంట్ మెచ్యూరిటీస్‌లో చూపండి. మిగిలిన 2,99,53,000 దీర్ఘకాలిక అప్పు. ఏప్రిల్ 1న ఈ ఎంట్రీని రివర్స్ చేయవద్దు. జూన్ వాయిదా కట్టే రోజున ఆ 50,000 డాలర్లు పుస్తకాల్లో 85.58 చొప్పున ఉండాలి, అప్పటి నష్టమో లాభమో అక్కడి నుంచే కొలవాలి.

భార్గవి (చిత్తూరు), 19 మే 2025

ఎంట్రీలు రెండుగా వేశాను. రూపాయల నిల్వను డాలర్లతో భాగిస్తే మొదట 85.57 కన్నా కొంచెం తక్కువ వచ్చింది. వెతికితే, డిసెంబరులో వాయిదా కట్టిన రోజు బ్యాంకు వసూలు చేసిన 4,720 రూపాయల చార్జీ, ఎంట్రీలు విడదీసేటప్పుడు పొరపాటున లోన్ లెడ్జర్‌కు డెబిట్ అయి ఉంది. దానిని బ్యాంకు చార్జీలకు మార్చాక సరిగ్గా 85.58 వచ్చింది. రూపాయి లోన్ రేటుకు ఆధారం కోసం బ్యాంకును కొటేషన్ అడిగాను, ఇంకా రాలేదు. జూన్ వాయిదా రేటు చూశాక ఇక్కడే రాస్తాను.